గ్రేవ్స్ థైరాయిడ్‌కు మాత్రలా, అయోడిన్ డోసా, ఆపరేషనా: ఎవరికి ఏది నప్పుతుంది

మూడేళ్ల కిందట నరసరావుపేట నుంచి ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. వయసు 29, స్కూల్లో టీచరు. మూడు నెలల్లో 58 కిలోల నుంచి 51కి తగ్గింది. చేతిలో లావుపాటి ఫైలు. అందులో షుగర్ పరీక్ష, ఈసీజీ, టీబీ ఉందేమోనని తీసిన ఎక్స్‌రే, రక్తహీనత పరీక్ష ఉన్నాయి. ఈసీజీలో గుండె వేగం ఒక్కటే ఎక్కువ, మిగతావన్నీ నార్మల్. 'టెన్షన్ తగ్గించుకో' అని ఒకచోట, 'నరాల బలహీనత' అని ఇంకోచోట చెప్పి పంపారు. అత్తగారు రెండుసార్లు దిష్టి తీశారు. ఆమె మాత్రం రోజుకు నాలుగుసార్లు అన్నం తింటోంది, అర్ధరాత్రి లేచి పెరుగన్నం తింటోంది, అయినా జాకెట్లు వదులవుతున్నాయి.

చేతులు చాపమని చెప్పి, వేళ్ల మీద ఒక తెల్లకాగితం పెట్టాను. కాగితం అంచు సన్నగా, ఆగకుండా వణికింది. నాడి నిమిషానికి 118. అరచేయి వెచ్చగా, తడిగా ఉంది. భయంతో వచ్చే చెమటకు చేయి చల్లబడుతుంది. ఈ జబ్బులో వెచ్చగా ఉంటుంది. మెడ కింద రెండు వైపులా గ్రంథి కొద్దిగా ఉబ్బి కనిపించింది. పై రెప్ప కాస్త పైకి లేచి, నల్లగుడ్డు పైన తెల్లటి గీత కనబడింది.

పది రోజులుగా ఆమె ఇంకో పని కూడా చేస్తోందని తర్వాత తెలిసింది. 'నీకూ థైరాయిడే అయి ఉంటుంది' అని ఒక బంధువు తాను రోజూ వేసుకునే థైరాయిడ్ మాత్ర ఇచ్చారట. మన ఇళ్లల్లో 'థైరాయిడ్ ఉంది' అంటే దాదాపు ఎప్పుడూ గ్రంథి మందగించిన జబ్బే. ఆ మాత్ర థైరాయిడ్ హార్మోనే. గ్రంథి అతిగా పనిచేసే మనిషికి అదే హార్మోను ఇస్తే మంట మీద కిరసనాయిలు పోసినట్టే. అందుకే ఈ వ్యాసం చదివేవాళ్లు ముందు తమ రిపోర్టు తీసి చూసుకోవాలి. టీఎస్‌హెచ్ పెరిగి ఉంటే మందగించిన థైరాయిడ్. టీఎస్‌హెచ్ బాగా పడిపోయి, థైరాయిడ్ హార్మోన్లైన ఫ్రీ టీ4 గానీ టీ3 గానీ పెరిగి ఉంటే ఇక్కడ చెప్పబోయే గ్రేవ్స్ జబ్బు కావచ్చు.

ట్యాంకు నిండినా ఆగని మోటారు

ఇంటి మీద ట్యాంకుకు ఫ్లోట్ స్విచ్ ఉంటుంది. నీళ్లు తగ్గితే మోటారు ఆన్ అవుతుంది, నిండితే ఆగుతుంది. థైరాయిడ్ కూడా అంతే. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రక్తంలో హార్మోను ఎంతుందో చూస్తూ, తగ్గితే టీఎస్‌హెచ్ అనే సంకేతం పంపుతుంది, పెరిగితే ఆపేస్తుంది. గ్రేవ్స్ జబ్బులో రోగనిరోధక వ్యవస్థ పొరపాటున ఒక యాంటీబాడీ తయారు చేస్తుంది. టీఎస్‌హెచ్ వచ్చి అతుక్కోవాల్సిన చోట ఆ యాంటీబాడీ అతుక్కుని, గ్రంథిని నడిపిస్తూనే ఉంటుంది. స్విచ్‌ను తప్పించి మోటారుకు నేరుగా వైరు ఇచ్చినట్టన్నమాట. పిట్యూటరీ తన స్విచ్ పూర్తిగా ఆపేసి కూర్చుంటుంది, అందుకే టీఎస్‌హెచ్ సున్నాకు దగ్గరగా కనిపిస్తుంది. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ ఈ జబ్బును 1835లో వర్ణించారు, దాని పేరు అలా వచ్చింది. దీని వెనక ఉన్నది యాంటీబాడీ అని తెలియడానికి ఇంకో వందేళ్లకు పైగా పట్టింది.

ఇక దడ సంగతి. గుండె లయను నడిపే చిన్న కణాల ముద్ద ఒకటి గుండె పైగదిలో ఉంటుంది. టీ3 హార్మోను నేరుగా ఆ కణాల్లోకి వెళ్లి వాటి వేగం పెంచుతుంది. గుండె కండరం మీద అడ్రినలిన్ అతుక్కునే చోట్లు కూడా పెరుగుతాయి. దాంతో మామూలు రోజున పట్టించుకోని కాస్త అడ్రినలిన్ కూడా మైకులో పెట్టి అరిచినట్టు వినిపిస్తుంది. రెండు మెట్లెక్కితే దడ, ఫోను మోగితే దడ. ఇది ఆందోళన వల్ల వచ్చే దడ కాదని తెలుసుకోవడానికి ఒక సులువైన గుర్తుంది. ఆందోళన మనిషికి నిద్రలో నాడి మామూలుగా ఉంటుంది. గ్రేవ్స్‌లో నిద్రలో కూడా పరిగెడుతుంది. పొద్దున కళ్లు తెరిచి, మంచం దిగకముందే నాడిని పూర్తి నిమిషం లెక్కపెట్టండి. రోజూ 90 దాటుతుంటే అది టెన్షన్ అని సర్దిచెప్పుకోకండి.

బరువు తగ్గడం వెనక కథ వేరు. శరీరంలో ప్రతి కణం తన ఉప్పునీళ్ల సమతుల్యం కోసం ఒక పంపు నడుపుతూ ఉంటుంది. మనం పడుకున్నా అది ఆగదు. థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే ఆ పంపులు ఎక్కువవుతాయి, వేగంగా తిరుగుతాయి, తిన్నదంతా వేడిగా పోతుంది. ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు అందుకే. పేగులు కూడా తొందరపడి రోజుకు మూడు నాలుగుసార్లు విరేచనం అవుతుంది. కొవ్వు కరిగిపోవడమే అయితే కొంతమంది సంతోషించేవాళ్లేమో గానీ, కరిగేది కండ కూడా. ఆ అమ్మాయిని నేల మీద కూర్చుని చేతులు ఆనించకుండా లేవమన్నాను. లేవలేకపోయింది. తొడ కండ అంత పోయింది. కండ పోవడంతో పాటు ఎముక కూడా పలచబడుతుంది.

ముందు జబ్బు ఇదేనా

చికిత్సలు పోల్చుకునే ముందు జబ్బు పేరు ఖాయం కావాలి. థైరాయిడ్ వాపు అనే ఇంకో జబ్బుంది, ప్రసవం తర్వాతా, కొన్ని వైరస్ జ్వరాల తర్వాతా వస్తుంది. అందులో గ్రంథి దెబ్బతిని దాచుకున్న హార్మోను బయటికి కారుతుంది. రిపోర్టు అచ్చం ఇలాగే ఉంటుంది, కానీ కొన్ని వారాల్లో తనంతట తగ్గుతుంది. అక్కడ గ్రేవ్స్ మాత్రలు పనిచేయవు. రెండింటినీ విడదీసేది టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీ పరీక్ష, లేదా థైరాయిడ్ స్కాన్. మన అమ్మాయికి యాంటీబాడీ 9 వచ్చింది, ఆ ల్యాబులో 1.75 లోపు ఉండాలి. ఫ్రీ టీ4 3.6, పైహద్దు 1.7. అంటే రెట్టింపు కంటే కాస్త ఎక్కువ. ఈ 'ఎన్ని రెట్లు' అన్నదే తర్వాత మాత్ర మోతాదుకు కొలమానం అవుతుంది.

ఒక్క మాట. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, పెద్ద మోతాదైతే ఇంకా ముందే. కొన్ని ల్యాబు యంత్రాల్లో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా, యాంటీబాడీ కూడా ఉన్నట్టు చూపిస్తుంది. ఏ జబ్బూ లేని మనిషికి గ్రేవ్స్ ఉన్నట్టు రిపోర్టు రావడం నిజంగా జరిగే పనే.

ఏ దారి ఎంచుకున్నా మొదటి రెండు నెలలు

ఆమె మొదటిరోజే 'డాక్టరు గారూ, ఆపరేషన్ చేయించుకోవాలా?' అని అడిగింది. ఆ రోజు తేల్చాల్సిన అవసరం లేదని చెప్పాను. నాడి 118 ఉన్న మనిషికి ముందు ఒళ్లు దారిలో పడాలి. దానికి రెండు మందులు. దడకు ప్రొప్రనొలాల్, ఆమెకు 20 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు. మొదటి రోజుల్లోనే చేతి వణుకు, దడ తగ్గుతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇది ఇవ్వకూడదు, ఆ సంగతి అడగకపోయినా మీరే చెప్పాలి. ఇది గ్రంథి మీద చికిత్స కాదు. మోటారు చప్పుడు వినిపించకుండా తలుపు వేయడం లాంటిది.

మోటారును ఆపేది కార్బిమజోల్. ఆమెకు రోజుకు 30 మిల్లీగ్రాములు మొదలుపెట్టాం. జబ్బు తక్కువగా ఉంటే 10 లేదా 15తో సరిపోతుంది. ఎక్కువ వేస్తే త్వరగా తగ్గుతుందనుకోవద్దు, ఎక్కువ మోతాదుతో దుష్ఫలితాలే ఎక్కువ.

పదో రోజున ఆమె ఫోన్ చేసింది. 'మందు పని చేయట్లేదండీ, బరువు ఇంకో అరకిలో తగ్గాను.' ఇక్కడే చాలామంది డాక్టర్ని మారుస్తారు, లేదా మందు మానేసి ఎవరో చెప్పిన ఆకు రసం మొదలుపెడతారు. కార్బిమజోల్ కొత్త హార్మోను తయారీని ఆపుతుంది. అప్పటికే తయారై గ్రంథిలో నిల్వ ఉన్నదాన్ని ఏమీ చేయదు. ఆ సరుకు ఖాళీ కావడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. నాలుగో వారంలో ఆమెకు ఆకలి మామూలైంది, ఆరో వారంలో ఫ్రీ టీ4 1.5కి వచ్చింది, నాడి 82.

అప్పటికీ టీఎస్‌హెచ్ 0.01 దగ్గరే ఉంది. ఇంట్లో అందరూ కంగారుపడ్డారు. నెలల తరబడి నిద్రపోయిన పిట్యూటరీ లేవడానికి ఒక్కోసారి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఈ దశలో టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి మోతాదు పెంచేస్తే మనిషి రెండో వైపుకి పడిపోతుంది, ఒళ్లు బరువెక్కి, ముఖం ఉబ్బుతుంది. మొదటి నెలల్లో ఫ్రీ టీ4, టీ3 చూసే మోతాదు మార్చాలి. మేం 20కి తగ్గించాం, ఆ తర్వాత మెల్లగా 10కి.

ఇక్కడి నుంచి దారులు మూడు. ఇదే మాత్ర కొనసాగించడం, రేడియో అయోడిన్, ఆపరేషన్. మొదటిది గ్రంథిని ఉంచి, యాంటీబాడీ దానంతట తగ్గుతుందని ఆశపడి ఎదురుచూడటం. మిగతా రెండూ గ్రంథినే తీసేయడం. ఏది గొప్పది అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మీరు ఏ ఇబ్బందిని భరించగలరు అన్న ప్రశ్నకు మాత్రం చాలాసార్లు స్పష్టమైన జవాబే దొరుకుతుంది.

మాత్రల దారి

మామూలుగా 12 నుంచి 18 నెలలు వాడి, యాంటీబాడీ పరీక్ష చేసి, అది పోయి ఉంటే మందు ఆపుతాం. ఆపాక సుమారు సగం మందికి జబ్బు తిరిగి రాదు. మిగతా సగానికి వస్తుంది, ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. గ్రంథి పెద్దగా ఉన్నవాళ్లకూ, సిగరెట్ తాగేవాళ్లకూ, యాంటీబాడీ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకూ, మగవాళ్లకూ, చిన్న వయసులో వచ్చినవాళ్లకూ తిరగబెట్టే అవకాశం ఎక్కువ. చిన్న గ్రంథి, తక్కువ యాంటీబాడీ ఉన్న 45 ఏళ్ల గృహిణికి నేను మాత్రలే నమ్మకంగా చెబుతాను.

ఈ దారిలో అన్నిటికంటే భయంకరమైన దుష్ఫలితం ఒకటుంది, దాని గురించి మందు చీటీ మీద ఎర్రసిరాతో రాసిస్తాను. వెయ్యి మందిలో ఇద్దరికో నలుగురికో ఈ మాత్ర వల్ల తెల్లరక్తకణాల్లో ఇన్ఫెక్షన్‌తో పోరాడే రకం ఒక్కసారిగా పడిపోతుంది. ఎక్కువగా మొదటి మూడు నెలల్లో. దాని మొదటి గుర్తు జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుండ్లు. మనకు జ్వరం వస్తే ఒక పారాసిటమాల్ వేసుకుని రెండు రోజులు చూద్దాం అనుకోవడం అలవాటు. ఈ మాత్ర మీద ఉన్నంతకాలం ఆ అలవాటు పనికిరాదు. జ్వరమో గొంతునొప్పో వచ్చిన రోజునే కార్బిమజోల్ ఆపి, అదే రోజు రక్తకణాల లెక్క చేయించుకోవాలి. లెక్క బాగుంటే మళ్లీ మొదలు. మన అమ్మాయికి ఐదో వారంలో గొంతునొప్పి వచ్చింది. రాత్రి ఎనిమిదింటికి ల్యాబుకి వెళ్లి పరీక్ష చేయించుకుంది. లెక్క బాగానే ఉంది, మామూలు జలుబే. ఆ వెళ్లడం వృథా కాదు. నెలనెలా పరీక్ష చేయించుకున్నా ఈ దుష్ఫలితం రెండు పరీక్షల మధ్య వచ్చేయగలదు, కాబట్టి గుర్తు తెలిసి ఉండటమే అసలు రక్షణ.

దురద, దద్దుర్లు ఇంకా ఎక్కువ మందికి వస్తాయి, అవి చాలావరకు అలర్జీ మాత్రతో సర్దుకుంటాయి. కళ్లు పచ్చబడితే, మూత్రం ముదురు రంగుకు మారితే మాత్రం ఆపి వెంటనే చూపించుకోవాలి.

ఏడాదిన్నర తర్వాత కూడా యాంటీబాడీ పోకపోతే? ఇదివరకు 'ఇక అయోడిన్ గానీ ఆపరేషన్ గానీ' అనేవాళ్లం. ఇప్పుడు 5 లేదా 10 మిల్లీగ్రాముల చిన్న మోతాదు ఏళ్ల తరబడి కొనసాగించడం కూడా ఒప్పుకోదగ్గ దారే అని తేలింది. ఇంకొన్నేళ్లు వాడినవాళ్లలో జబ్బు శాశ్వతంగా శాంతించే పాలు కూడా పెరుగుతోంది. ఆరు నెలలకోసారి పరీక్షకు రాగలిగినవాళ్లకు, గర్భం ప్రస్తావన లేనివాళ్లకు ఇది హాయైన దారి.

గర్భం ప్రస్తావన ఉంటే లెక్క మారుతుంది. గర్భం ఆరు నుంచి పది వారాల మధ్య కార్బిమజోల్ బిడ్డకు చేటు చేయగలదు. నూటికి రెండు నుంచి నాలుగు గర్భాల్లో నెత్తి మీద చర్మం ఏర్పడకపోవడం, ముక్కు వెనక దారి మూసుకుపోవడం లాంటి లోపాలు రావచ్చు. అందుకని మొదటి మూడు నెలలు ప్రొపైల్ థయోయురాసిల్ అనే ఇంకో మాత్రకు మారుస్తాం. దానితో కూడా లోపాల ముప్పు పూర్తిగా పోదు, తీవ్రత తక్కువ. అరుదుగా కాలేయం దెబ్బతింటుంది కాబట్టి మామూలు రోజుల్లో దాన్ని వాడం. నెలసరి ఆలస్యమైతే అదే రోజు గర్భపరీక్ష చేసుకుని ఫోన్ చేయమని చెబుతాం. వారం గడిస్తే చాలా ఆలస్యం.

రేడియో అయోడిన్ దారి

థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అంటే ఆకలి. ఒంట్లో వేరే ఏ అవయవం అంతగా పట్టుకోదు. ఆ ఆకలినే వాడుకుని, కిరణాలు వెలువరించే అయోడిన్‌ను ఒక మాత్రగానో, రుచీ పచీ లేని ద్రవంగానో మింగిస్తారు. గ్రంథి దాన్ని ఆబగా పీల్చుకుని లోపల నుంచే మెల్లగా ఎండిపోతుంది. ఈ చికిత్సను 1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ మొదటిసారి ఇచ్చారు. ఇప్పుడు సాధారణంగా 10 నుంచి 15 మిల్లీక్యూరీలు ఇస్తారు. కోత లేదు, మత్తు లేదు. దాని బలం ఎనిమిది రోజులకు సగం చొప్పున తగ్గిపోతుంది.

ఫలితం ఆరు వారాల నుంచి ఆరు నెలల మధ్య కనిపిస్తుంది. ఎక్కువమందికి ఒక్క డోసు చాలు, కొందరికి ఆరు నెలల తర్వాత రెండోది కావాలి. గ్రంథి మందగించడమే మనం కోరుకునే ఫలితం. ఆ తర్వాత పొద్దునే పరగడుపున థైరాయిడ్ మాత్ర జీవితాంతం. 'చికిత్స వికటించి థైరాయిడ్ తగ్గిపోయింది' అని బాధపడేవాళ్లను చాలామందిని చూశాను. ముందే ఎవరూ చెప్పకపోవడం వల్ల వచ్చే బాధ అది.

దీనికి గట్టి అడ్డంకులు మూడున్నాయి. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా కుదరదు. తీసుకున్నాక కనీసం ఆరు నెలలు గర్భం రాకూడదు. మూడోది కళ్లు. గ్రేవ్స్ యాంటీబాడీ కంటి వెనక కొవ్వునూ కండరాలనూ కూడా ఉబ్బిస్తుంది. రేడియో అయోడిన్ తర్వాత యాంటీబాడీ కొన్నాళ్లు, ఒక్కోసారి ఏడాదికి పైగా పెరుగుతుంది కాబట్టి కళ్లు ఇంకా ముందుకు రావచ్చు. సిగరెట్ తాగేవాళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ. కళ్ల జబ్బు స్వల్పంగా ఉంటే స్టెరాయిడ్ మాత్రల అండతో ఇవ్వవచ్చు. కళ్లు ఎర్రబడి, నొప్పితో, ఒకటి రెండుగా కనిపిస్తుంటే ఈ దారి వైపు వెళ్లకూడదు.

ఇంట్లో చంటిపిల్లలున్నవాళ్లు ఇంకో సంగతి ఆలోచించాలి. కొన్ని రోజులు పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకోకూడదు, గర్భిణుల పక్కన కూర్చోకూడదు, విడిగా పడుకోవాలి. రెండు గదుల ఇంట్లో ఆరుగురున్న కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. చికిత్స తేదీ కంటే ముందు, పిల్లల్ని అమ్మమ్మ ఇంటికి పంపే తేదీ తేల్చుకోమంటాను.

ఆపరేషన్ దారి

గ్రంథి మొత్తం తీసేస్తారు. జబ్బు ఆ రోజుతో ఆగుతుంది, మర్నాటి నుంచే థైరాయిడ్ మాత్ర. గ్రంథి బాగా పెద్దదై మింగడానికో ఊపిరికో అడ్డుపడుతున్నా, అందులో అనుమానపు గడ్డ ఉన్నా, కళ్ల జబ్బు గట్టిగా ఉన్నా, త్వరగా గర్భం కావాలనుకున్నా ఇది ముందుకొస్తుంది.

ఆపరేషన్ బల్ల ఎక్కేలోపు హార్మోను నార్మల్‌కు రావాలి, ఇందులో రాజీ లేదు. పరిగెత్తే గుండెతో మత్తిస్తే హార్మోను తుఫానులా చెలరేగి ప్రాణం మీదకు వస్తుంది. చివరి పది రోజులు లూగోల్ అయోడిన్ చుక్కలు నీళ్లలో కలిపి తాగిస్తారు. దాంతో గ్రంథిలో రక్తప్రవాహం తగ్గి, గ్రంథి గట్టిపడి, కోసేటప్పుడు రక్తం తక్కువ పోతుంది.

భయపడాల్సినవి రెండు. గ్రంథి వెనక బియ్యపు గింజంత పారాథైరాయిడ్లు నాలుగుంటాయి, కాల్షియం వాటి చేతిలో ఉంటుంది. అవి దెబ్బతింటే పెదాల చుట్టూ, వేలికొసల్లో చీమలు పాకినట్టు తిమ్మిరి వస్తుంది. తాత్కాలికంగా చాలామందికి వస్తుంది, కాల్షియం మాత్రలతో పోతుంది. రెండోది గొంతు నరం. అది తెగితే గొంతు బొంగురుపోతుంది. చేయి తిరిగిన సర్జన్ దగ్గర శాశ్వతమైన కాల్షియం లోటు నూటికి ఇద్దరి లోపు, నరం దెబ్బ ఒకరి లోపు. ఎప్పుడో ఒకటి చేసేవారి దగ్గర ఈ అంకెలు పెరుగుతాయి. కాబట్టి మొహమాటపడకుండా 'ఏడాదికి ఎన్ని థైరాయిడ్ ఆపరేషన్లు చేస్తారండీ?' అని అడగండి. జవాబు 25 కంటే తక్కువైతే ఇంకొకరిని వెతకడం మంచిది. ఇంటికి దగ్గరన్న కారణంతో సర్జన్‌ను ఎంచుకోవద్దు.

ఆమె ఎలా తేల్చుకుంది

ఆ అమ్మాయికి పెళ్లై రెండేళ్లు, ఏడాదిలో బిడ్డ కావాలని కోరిక. కళ్లలో కాస్త గరగర. ఈ రెండింటితోనే రేడియో అయోడిన్ పక్కకు పోయింది. ఆరు నెలలు ఆగడం ఒకటి, యాంటీబాడీ పెరగడం రెండోది. ఆ యాంటీబాడీ మాయను దాటి బిడ్డ థైరాయిడ్‌ను కూడా తాకుతుంది, తల్లి గ్రంథి పోయినా సరే. ఈ చివరి మాట చాలామందికి తెలియదు.

మిగిలినవి మాత్రలు, ఆపరేషన్. 'గొంతు కోయించుకునే కర్మేమిటమ్మా, మాత్రలతో తగ్గుతోందిగా' అన్నారు మామగారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. గ్రంథి మరీ పెద్దది కాదు, సిగరెట్ లేదు. అందుకని ఒక షరతు పెట్టుకున్నాం. ఏడాది మాత్రలు, ఆ తర్వాత యాంటీబాడీ. 2 లోపుకు వస్తే ఇంకొన్నాళ్లు వాడి ఆపేద్దాం. రాకపోతే ఆపరేషన్. గడువు ముందే రాసుకోకపోతే 'ఇంకో మూడు నెలలు చూద్దాం' అంటూ మూడేళ్లు గడిచిపోతాయి.

ఏడాదికి యాంటీబాడీ 6.8. బరువు 57కి వచ్చింది, ఆమెకు ఒంట్లో బాగానే ఉంది. బాగున్న మనిషి ఆపరేషన్‌కు వెళ్లడం ఎంత కష్టమో ఆ రోజు ఆమె ముఖంలో చూశాను. మాత్ర మీద గర్భం దాల్చవచ్చు, మొదటి వారాల్లో మారుద్దాం అని కూడా చెప్పాను. 'ప్రతి నెలా తేదీ చూసుకుంటూ భయపడలేనండీ' అంది. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. రెండో రోజు వేళ్లు తిమ్మిర్లెక్కాయి, కాల్షియం పెంచారు, మూడు వారాల్లో పోయాయి. థైరాయిడ్ మాత్ర బరువును బట్టి కిలోకు 1.6 మైక్రోగ్రాముల లెక్కన 88తో మొదలైంది, టీఎస్‌హెచ్ చూసి 100 అయింది.

ఇదే జబ్బుతో 64 ఏళ్ల ఒక రైతు వచ్చారు. గుండె లయ తప్పి, కాళ్లు వాచి ఉన్నారు. ఆయనకు మళ్లీ తిరగబెడితే గుండె తట్టుకోదు. మాత్రలతో నెమ్మదించాక రేడియో అయోడిన్ ఇప్పించాం. అక్కడ జీవితాంతం ఒక మాత్ర అన్నది చాలా చవకైన బేరం. ఇంకో 24 ఏళ్ల కుర్రాడు పెళ్లి భోజనం చేసిన మర్నాడు పొద్దున కాళ్లు కదపలేక పక్షవాతమని అంబులెన్సులో వచ్చాడు. పొటాషియం పడిపోయింది, అసలు కారణం గ్రేవ్స్. హార్మోను నార్మల్‌లో ఉన్నంతకాలం అలాంటి దాడి రాదు, కాబట్టి జబ్బు తిరగబెట్టకూడదన్నదే అతనికి మొదటి లెక్క. అతనూ గ్రంథి వదిలించుకునే దారే ఎంచుకున్నాడు.

మన అమ్మాయికి ఆపరేషన్ అయిన ఎనిమిదో నెలలో గర్భం నిలిచింది. పరీక్ష పాజిటివ్ వచ్చిన రోజునే మాత్ర పెంచాం, వారానికి రెండు అదనంగా. యాంటీబాడీ 2.4కి దిగింది, బిడ్డకు బెంగ పడాల్సిన హద్దు మామూలుకు మూడు రెట్లు, దానికి చాలా కిందే ఉంది. ఐదో నెలలో చూపించుకోవడానికి వచ్చినప్పుడు చేయి చాపమని అడగకముందే నవ్వుతూ చాపింది. కాగితం కదల్లేదు. మెడ మీద గీత నల్లపూసల కింద ఉంది, వెతికితే గానీ కనబడలేదు.